చివకని కోళ్ల ఎరువు ఆకుకూర మళ్లలో వేయవద్దు

సంపాదకుల వారికి నమస్కారాలు.

మా తూర్పు గోదావరి జిల్లాలో కోళ్ల ఫారాల నుంచి ట్రాక్టర్లతో తెచ్చిన ఎరువును రోడ్డు పక్కన దింపి, వారం తిరగకముందే తోటకూర, కొత్తిమీర మళ్లలో చల్లడం మామూలైపోయింది. ఆ ఎరువులో సాల్మొనెల్లా వంటి క్రిములు ఉండవచ్చు. మట్టికి ఆనుకొని పెరిగే కొత్తిమీరను మనం పచ్చిగానే తింటాం కనుక ఈ పద్ధతి ఆందోళన కలిగిస్తోంది.

కొన్నాళ్లు పోగుగా వదిలేస్తే చాలునన్న నమ్మకం సరికాదు. కదపని పోగు లోపల వేడెక్కినా పై పొర చల్లగానే ఉంటుంది. క్రిములూ ఈగల పిల్లలూ అక్కడే బతికిపోతాయి. కోళ్ల ఎరువులో నత్రజని ఎక్కువ కాబట్టి ఒక ట్రాక్టరు కోళ్ల ఎరువుకు ఒక ట్రాక్టరు పశువుల పేడ, రెండు ట్రాక్టర్ల ముక్కలు చేసిన గడ్డి కలిపి, బావికీ చెరువుకూ దూరంగా మెరక మీద నాలుగడుగుల ఎత్తున వేయాలి. పిడికిట పట్టి పిండితే ఒకటి రెండు చుక్కలకు మించి నీరు కారకూడదు. ముక్కు మండే ఘాటు వస్తే గడ్డి చాలలేదని, మురుగు కంపు కొడితే నీరెక్కువై గాలి ఆడటం లేదని గుర్తు. లోపలి వేడి 55 డిగ్రీలకు తగ్గకుండా 15 రోజులు నిలవాలి. ఆ వ్యవధిలో కనీసం 5 సార్లు, బయటి పొర లోపలికి పోయేలా తిరగవేయాలి. గుచ్చి ఉంచిన ఇనుప చువ్వ చేత్తో పట్టుకోలేనంత కాలితే పోగు పనిచేస్తున్నట్టే. అయినా కచ్చితంగా తెలియాలంటే థర్మామీటరే కావాలి. వేడి తగ్గాక మరో రెండు నెలలు కప్పి ఉంచి మాగనిచ్చి వాడాలి. పచ్చి ఎరువు ఎత్తిన పారను కడగకుండా మాగిన ఎరువులో పెడితే పడిన శ్రమంతా వృథా.

ఈ వేడికి లొంగనిది కూడా ఒకటుంది. చచ్చిన కోళ్లను ఎరువులో కలిపేస్తే ఆ కళేబరాల్లో బోట్యులిజం కలిగించే క్రిమి పెరిగి విషాన్ని తయారుచేస్తుంది. ఆ ఎరువు చల్లిన చేలో మేసిన పశువులు కాళ్లు చచ్చుబడి, నాలుక వేలాడేసి, కూలబడి చనిపోతాయి. ఈ క్రిమి బీజాలు పోగు వేడికి చావవు కాబట్టి, చచ్చిన కోడిని ఎరువులోకి రానివ్వకపోవడం ఒక్కటే మార్గం. ఇక 2025 ఫిబ్రవరిలో మా జిల్లాలో కనిపించినట్టు బర్డ్‌ఫ్లూ సోకితే, ఆ ఫారం ఎరువును బయటికి తరలించకుండా పశుసంవర్ధక శాఖ సిబ్బంది చెప్పినట్టే పూడ్చివేయాలి.

ఎరువు అమ్మే ప్రతి ఫారం చచ్చిన కోళ్లను సున్నం వేసి విడిగా పాతిపెట్టేలా పశుసంవర్ధక శాఖ తనిఖీ చేయాలనీ, రైతు సేవా కేంద్రాల్లో పొడవాటి కాడ ఉన్న థర్మామీటర్లను రైతులకు అందుబాటులో ఉంచాలనీ మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక కూరగాయల రైతు,
తూర్పు గోదావరి జిల్లా