ఆ బీహార్ అమ్మాయికి, ఇంకొందరికి కృతజ్ఞతలు

మావారి మూడేళ్ల ఇన్‌కమ్ టాక్స్ రిటర్న్‌ల పని ఇవాళ నా చేతుల మీదుగా ముగిసింది. ఒక దరఖాస్తు మాత్రం ఇంకా పైవాళ్ల దగ్గర ఉంది. ఒళ్లు పులిసిపోయి ఉంది, రేపటికి వాయిదా వేస్తే రాయనేమోనని ఇప్పుడే కూర్చున్నాను.

మా అబ్బాయి, మరిది, వదినగారు వెన్నంటే ఉన్నారు. వాళ్లకు వేరే చెప్పేదేముంది.

నేను చెప్పాల్సింది టాక్స్ ఆఫీసులో పనిచేసే ఒక అమ్మాయి గురించి. పేరు రాస్తే ఉద్యోగంలో ఏ ఇబ్బంది వస్తుందో అని రాయడం లేదు. సొంతూరు బీహార్, ఇక్కడికి కొత్తగా పోస్టింగ్ వచ్చింది. తెలుగు చదవడం రాదు.

మావారు పోయింది 2024 నవంబరులో. డయాలసిస్‌లో ఉన్న మనిషి రిటర్న్‌ల సంగతి ఎక్కడ పట్టించుకుంటారు? 2022-23ది, 2023-24ది రెండూ వేయలేదు. ఆయన పోయాక బీరువాలో నోటీసు కాగితం దొరికితే నా గుండె జారిపోయింది. సంక్రాంతి వెళ్లాక ఆఫీసుకు తెలుగులోనే ఉత్తరం రాశాను. ఆయన రిటర్న్‌లు ఎవరు వేయాలి, ఎవరి సంతకంతో వేయాలి, పన్ను కట్టాల్సి వస్తే నా నగలు అమ్మాలా అని అడిగాను. రిజిస్టర్డ్ పోస్టులో పంపాను, అందినట్టు ముద్ర కూడా వచ్చింది. జవాబు మాత్రం లేదు. వెళ్లి అడిగితే, అంతా ఆన్‌లైనే కదమ్మా అన్నారు. ఆన్‌లైన్‌లోకి వెళ్లాలంటే ఆయన పాస్‌వర్డ్ కావాలి. ఓటీపీ వచ్చే సిమ్ అప్పటికే ఆగిపోయింది.

జూన్‌లో ఒక ఫోన్ వచ్చింది. "ఆంటీ, మీ లెటర్ నా దగ్గర ఉంది. మా అటెండర్ చదివి చెప్పారు. రేపు రండి." నిజం చెప్పాలంటే మోసగాళ్ల ఫోనేమో అనుకున్నాను. మా అబ్బాయిని తోడు తీసుకునే వెళ్లాను.

ముందు నా భయం తీర్చింది. చనిపోయినవారి పన్ను బాధ్యత వారసులకు వస్తుంది గానీ, వారు వదిలి వెళ్లిన ఆస్తి మేరకే. 1961 నాటి ఇన్‌కమ్ టాక్స్ చట్టంలో 159వ సెక్షన్ అదే చెబుతుందట. నా సొంత నగల జోలికి ఎవరూ రారంది. తర్వాత ఆయన పాస్‌వర్డ్ అవసరమే లేదని చెప్పింది. నా పాన్‌తో లాగిన్ అయి Register as Representative Assessee లోకి వెళ్లి, Deceased (Legal Heir) అన్నది ఎంచుకోవాలి. డెత్ సర్టిఫికెట్, ఇద్దరి పాన్‌లు, వారసురాలినన్న రుజువు జతచేయాలి. తహసీల్దారు ఆఫీసులో నా కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ ఇంకా నలుగుతూనే ఉంది. అదే రావాలని లేదట. నేను నామినీనని చెబుతూ బ్యాంకు ఇచ్చే లెటర్ కూడా చెల్లుతుందట. ఈ ఒక్క మాట జనవరిలో ఎవరైనా చెప్పి ఉంటే!

అప్రూవల్ వచ్చాక ఆయన ఖాతా నా లాగిన్‌లోనే తెరుచుకుంది. మళ్లీ వెళితే తన పక్కన కూర్చోబెట్టుకుని ఏఐఎస్ తెరిపించింది. బ్యాంకులు, కంపెనీ ఆయన గురించి పంపిన లెక్కలన్నీ అందులో ఉంటాయి. మూడు బ్యాంకుల్లో చిన్న చిన్న ఎఫ్‌డీలు వరుసగా కనబడ్డాయి. ఆ అమ్మాయి వాటిని చూస్తూ, "ఇన్ని చిన్నవా ఆంటీ? సార్ ఎవరి కోసం దాచారు?" అంది.

అప్పటిదాకా ఏ కౌంటర్లోనూ ఆయన పాన్ నంబరు తప్ప ఇంకోటి అడిగినవాళ్లు లేరు. మా అమ్మాయి పెళ్లికని చెప్పబోయాను, నోరు పెగల్లేదు. పదకొండో రోజున కూడా అంతలా ఏడవలేదు. ఆ పిల్ల ఏమీ అనకుండా కౌంటర్ మీద బోర్డు తిప్పేసి, నేను తేరుకునేదాకా కూర్చుంది. క్యూలో ఉన్నవాళ్లు గొణుక్కున్నారు. వాళ్లకు నా క్షమాపణలు.

అసలు తిరకాసు ఆ ఎఫ్‌డీల్లోనే ఉంది. అప్పట్లో ఏడాది వడ్డీ నలభై వేలు దాటితేనే బ్యాంకు టీడీఎస్ కోసేది. ఒక్కో బ్యాంకులో పాతిక వేల చొప్పున రావడంతో ఎవరూ కోయలేదు. మొత్తం 75,000 మీద ఇరవై శాతం, సెస్సు కలిపి 15,600 పన్ను పడింది. ఆలస్యానికి వడ్డీ దాదాపు 8,900. 2022-23కి మామూలు రిటర్న్ గడువు ఎప్పుడో దాటింది కాబట్టి అప్‌డేటెడ్ రిటర్న్ వేయాలి. దానికి పన్ను, వడ్డీ మొత్తం మీద ఇంకో సగం అదనం, అంటే పన్నెండు వేల పైచిలుకు. లేటు ఫీజు 5,000 వేరే. ముందు చలాన్ కట్టి ఆ తర్వాతే రిటర్న్ వేశాం.

ఇక్కడ కడుపు మండుతుంది. 2025 మార్చి 31 లోపు వేసి ఉంటే ఆ అదనం సగం కాదు, పావు వంతే. నా ఉత్తరం జనవరిలో చేరింది. జవాబు రాని ఆ నెలలకు ఆరు వేల పైన నేను కట్టాను. ఎవరిని అడగాలి?

2023-24ది తిరగబడిన కథ. ఏడాది మొదట్లో కంపెనీ పూర్తి జీతం అంచనా వేసి టీడీఎస్ కోసింది, మధ్యలో ఆయన జీతం లేని సెలవులో పడ్డారు. ప్రభుత్వమే 38,000 తిరిగి ఇవ్వాలి. ఆలస్యపు రిటర్న్‌కు గడువు 2025 జనవరి 15తో అయిపోయింది, అప్పటికి ఆయన పోయి రెండు నెలలు. అప్‌డేటెడ్ రిటర్న్‌తో డబ్బు కట్టొచ్చుగానీ, రీఫండ్ అడగకూడదట! దారి ఒక్కటే, ఆలస్యం మన్నించమని ప్రిన్సిపల్ కమిషనర్‌కు దరఖాస్తు. 2024 అక్టోబరు సర్క్యులర్ ప్రకారం అసెస్‌మెంట్ సంవత్సరం, అంటే ఆదాయం వచ్చిన ఏడాదికి మరుసటి ఏడాది, ముగిశాక అయిదేళ్ల లోపు పెట్టుకోవచ్చు. అనుమతి వచ్చినా ఆ రీఫండ్ మీద వడ్డీ ఇవ్వరు. డయాలసిస్ కాగితాలు, డిశ్చార్జి సమ్మరీలు తేదీల వారీగా పేర్చి ఎలా జతచేయాలో ఆ అమ్మాయే చూపించింది. ప్రస్తుతం పైవాళ్ల దగ్గర ఉన్నది అదే.

ఆయన పోయిన ఏడాదిది తేలికే. దానికి గడువు 2025 సెప్టెంబరు 16 దాకా పొడిగించారు. ఏప్రిల్ నుంచి ఆయన పోయిన రోజు వరకు వచ్చింది ఆయన రిటర్న్‌లో చూపాలి, ఆ తర్వాతి వడ్డీ నాలాంటి వారసుల లెక్కలో. ఏఐఎస్‌లో మాత్రం ఏడాదంతా ఆయన పేరునే ఉంటుంది, తేదీ చూసి మనమే విడదీయాలి. ఇంకోటి, పాన్ వెంటనే సరెండర్ చేసేయమని చాలామంది చెప్పారు. రిటర్న్‌లు, రీఫండ్ తేలేదాకా ఆ పని చేయొద్దని ఈ అమ్మాయి గట్టిగా చెప్పింది.

చివరి రోజు మాగాయ సీసా తీసుకెళ్తే, ఆఫీసులో పుచ్చుకోకూడదు ఆంటీ అని నవ్వింది. తల్లీ, నీకు తెలుగు చదవడం రాకపోయినా ఎవరో ఒకరు చదివి వినిపిస్తారు. నీ కడుపు చల్లగుండ.

అయ్యో, అటెండర్ గారిని మరిచాను! నా కొక్కిరిబిక్కిరి రాత అక్షరం అక్షరం చదివి చెప్పింది ఆయనే. నామినీ లెటర్ అడిగిన రోజే ఇచ్చిన బ్యాంకు మేడమ్ గారికి నమస్కారాలు. స్కాన్ ఫైళ్లు సైజు ఎక్కువని వెబ్‌సైట్ తిప్పికొడుతుంటే విసుక్కోకుండా తగ్గించి ఇచ్చిన జిరాక్స్ షాపు అబ్బాయికి కూడా. ఆసుపత్రి పాత బిల్లులు వెతికిచ్చిన రికార్డుల రూమ్ అతనికి కూడా, పేరు అడగలేదు.

నాలాంటి వాళ్లెవరికైనా ఆ దరఖాస్తులో ఏం రాశామో కావాలంటే మెసేజ్ పెట్టండి, మా అబ్బాయి ఫొటో తీసి పంపుతాడు.