మిర్యాలగూడ గోదాం మెయిల్: పంపేముందు సీసీ తగ్గించాలె

అందరికీ నమస్తే. లోడింగ్ టైం మార్పు డ్రాఫ్ట్ చూసినం. టు, సీసీ కలిపి 19 మంది ఉన్నరు. ఒక్కో పేరు కాడ ఆగి, ఇది చదివి వీళ్లు చేసే పనేంది అని చూడుండ్రి. పని స్టోర్, ట్రాన్స్‌పోర్ట్, అకౌంట్స్‌ది. ఒక్కొక్కరు చొప్పున ముగ్గురు టులో, వాళ్ల మేనేజర్లు ముగ్గురు సీసీల చాలు.

మిగతా 13 మందికి సంగతి తెలిస్తే చాలు. వాళ్లను బీసీసీలకు మార్చి, మొదటి లైన్లనే ఆ ముచ్చట రాయండి. అప్పుడు పై ఆరుగురిల ఎవరు రిప్లై ఆల్ కొట్టినా ఆ 13 మందికి పోదు. కానీ బీసీసీల ఉన్నాయన కొడితే మాత్రం ఆరుగురికీ పోతది, ఆయన ఉన్నట్టు బయటపడతది. గుట్టుగ తెలపాల్సినోళ్లుంటే, పంపినంక విడిగ ఫార్వర్డ్ చెయ్యండి.

"సరే", "అందింది" అనే జవాబులు పంపినాయన ఒక్కరికే. టైం గాని, లారీల లెక్క గాని మారితెనే రిప్లై ఆల్.