రీస్కాన్ చేస్తే అమ్మ చానెళ్ళు ఎక్కడికి పోతున్నాయి?

ఎడిటర్ గారికి నమస్కారం,

మా ఊళ్ళో కేబుల్ వైర్ లేదు, చాలా ఇళ్ళమీద డీడీ ఫ్రీ డిష్ గొడుగులే ఉంటాయి, నెల బిల్లు లేదు కాబట్టి. ఇబ్బంది ఎక్కడొస్తుందంటే ప్రైవేటు చానెళ్ళకి ఇందులో చోటు ఈ-వేలంలో ఇస్తారు, ఎక్కువగా ఏప్రిల్ 1 నుంచి ఏడాదికి. అందుకని ఆ రోజుల్లో కొన్ని చానెళ్ళు పోతాయి, కొత్తవి వస్తాయి, మనం రీస్కాన్ కొట్టాలి. స్కాన్ పది నిమిషాల పని, ఆ తర్వాత లిస్టు సర్దుకోవడమే అసలు పని, దాని గురించే రాస్తున్నా.

మా అమ్మకి ఇంగ్లీషు అక్షరాలు రావు. ఆమెకి సప్తగిరి అంటే రిమోట్ మీద 1, యాదగిరి 2, భక్తి చానెల్ 3, అంతే. పోయినసారి నేను తొందరలో పాత లిస్టు డిలీట్ చెయ్యకుండానే స్కాన్ కొట్టా, చూస్తే ఒకే చానెల్ రెండు చోట్ల కూర్చుంది, ఒకదాంట్లో బొమ్మ వస్తుంది, రెండోదాంట్లో నల్ల తెర. అమ్మకి పాత నంబరు మీదే చెయ్యి పడుతుంది కదా, ఆ నల్ల తెర చూసి డిష్ పాడైందని పక్కింటి అబ్బాయిని మేడ ఎక్కించింది, డిష్ శుభ్రంగానే ఉంది పాపం.

ఈసారి ముందు డిలీట్ ఆల్ కొట్టి అప్పుడు స్కాన్ చేశా. ఆ తర్వాత మెనూలో ఎడిట్ చానెల్ అని ఉంటుంది, పాస్‌వర్డ్ అడిగితే చాలా సెట్‌టాప్ పెట్టెల్లో 0000 ఉంటుంది. అక్కడ ముందు సార్ట్ చెయ్యాలి, పేరు వరసలోనో మరో వరసలోనో, అప్పుడే మూవ్ పెట్టి మనకి కావలసినవి పైకి తెచ్చుకోవాలి. నేను దీన్ని తిరగేసి చేశా, అరగంట కూర్చుని సప్తగిరిని 1లో పెట్టి, ఆనక లిస్టు చక్కగా ఉంటుందని సార్ట్ కొడితే నేను సర్దినదంతా పోయింది.

తర్వాత స్కిప్. లిస్టులో టెస్ట్ అనే పేర్లతో ఖాళీ చోట్లు వస్తాయి, పాత ఎంపెగ్-2 పద్ధతి పెట్టెలున్నవాళ్ళకైతే కొత్త ఎంపెగ్-4 పద్ధతిలో వచ్చే చానెళ్ళ పేర్లు కూడా రావచ్చు, కానీ వాటిల్లో బొమ్మ రాదు. వాటికి స్కిప్ పెడితే పైకి కిందకి నొక్కేటప్పుడు అడ్డం రావు, కానీ నంబరు కొడితే వస్తాయి. డిలీట్ అయితే మళ్ళీ స్కాన్ చేసేదాకా రాదు, ఆ ఖాళీలోకి రేపు మంచి చానెల్ వచ్చినా మనకి తెలీదు. అందుకే నేను స్కిప్పే పెడతా.

ఫేవరెట్‌లో అమ్మ కోసం ఏడు చానెళ్ళు పెట్టా, ఇదొక తంటా తెచ్చింది. FAV నొక్కితే పైకి కిందకి ఆ ఏడింటిలోనే తిరుగుతుంది. ఒకరోజు ఫోన్ చేసి "ఒరే, చానెళ్ళన్నీ పోయాయిరా, ఏడే వస్తున్నాయి" అంది. పోలేదమ్మా, లిస్టు తెరిచి పైన గ్రూపు పేరు చూడు, దాన్ని ఆల్ కి మార్చితే అన్నీ వస్తాయి అని చెప్పా, అక్షరాలు రానామెకి ఫోన్లో చెప్పడం ఎంత కష్టమో చేసినవాళ్ళకే తెలుసు.

పేరు మార్చడం చివర్న చెయ్యాలి, అదీ అవసరమైతేనే. పేరు మన పెట్టెది కాదు, సిగ్నల్‌తో పాటే వస్తుంది, అందుకే మనం మార్చింది మళ్ళీ స్కాన్ చేస్తే పాత పేరుకి వెళ్ళిపోవచ్చు. ఒక్కోసారి తిరగబడుతుంది కూడా, చోటు వేరే చానెల్‌కి పోయినా పెట్టెలో పాత పేరే ఉండి, పేరు ఒకటి బొమ్మ ఇంకొకటి కనిపిస్తుంది. అలాంటప్పుడు పేరు దిద్దుకోవడం కాదు, రీస్కాన్ చెయ్యడమే దారి.

నేను అడిగేది రెండే. పెట్టెలు చేసేవాళ్ళు రీస్కాన్ చేసినా ఫేవరెట్లూ వరసా అలాగే ఉండేలా చెయ్యాలి. ప్రతి చానెల్‌కి సిగ్నల్‌లో ఒక సర్వీస్ నంబరు ఉంటుంది, పేరు మారినా అది మారకపోతే దాన్నిబట్టి మన వరసని తిరిగి పెట్టుకోవచ్చు, పెద్ద విద్యేం కాదు. రెండోది మీ పత్రికకి, ఏప్రిల్ మొదటి వారంలో ఏ చానెల్ వచ్చిందో ఏది పోయిందో ఒక చిన్న పట్టీ వేయండి. అది చూసి స్కాన్ చెయ్యాలో అక్కర్లేదో మేమే తేల్చుకుంటాం, ఊరికే డిలీట్ ఆల్ కొట్టి మళ్ళీ అరగంట కూర్చోవక్కర్లేదు.

ఇట్లు,
ఒక పాఠకుడు, ప్రకాశం జిల్లా