డేకేర్ ఫీజు ఎవరి పద్దులో రాశావు?

చిట్టితల్లీ,

నీ ఉత్తరం చదివాను. నీ జీతం 100 అనుకుంటే డేకేర్‌కు 45 పోతుంది, 55 మిగులుతుంది, కాబట్టి తిరిగి ఉద్యోగంలో చేరతానంటున్నావు. అల్లుడుగారేమో చివరికి ఏమీ మిగలదంటున్నారు. ఎవరి లెక్క సరైనదో చెప్పమని అడిగావు. ఏళ్ల తరబడి జీతాల విభాగంలో పనిచేసినవాణ్ణి కాబట్టి, నువ్వు పంపిన వివరాలన్నీ ముందేసుకుని నిన్న రాత్రి కాగితం మీద వేసి చూశాను. నువ్వు అనుకున్నట్టే 100 లెక్కన రాస్తున్నాను.

నువ్వు మొదలుపెట్టాల్సింది 100 దగ్గర కాదు. 14 ఆదాయపు పన్ను, 10 పదవీ విరమణ నిధి పోగా చేతికొచ్చేది 76. పన్ను 14తో ఆగిందంటే మీరున్న చోట నీ ఆదాయానికి విడిగా పన్ను వేస్తారు కాబట్టి. జర్మనీలో, అమెరికాలో చాలామంది దంపతులు ఇద్దరి ఆదాయాన్నీ కలిపి చూపిస్తారు. అక్కడైతే భర్త జీతం కింది శ్లాబులన్నీ నింపేశాక దానిపైన నీ జీతం వచ్చి చేరినట్టు అవుతుంది, మొదటి నుంచీ పై రేటే పడుతుంది. ఆ పన్ను 14 కాక 26 అయితే నేను కింద చెప్పబోయే మిగులు మొత్తం ఎగిరిపోతుంది. మీకు ఆ చిక్కు లేదు. అయితే డేకేర్‌కు సాయం ఏదైనా అందుతుంటే, ఇంటి ఆదాయం పెరిగాక అది తగ్గుతుందేమో కనుక్కో. తగ్గితే దాన్ని కూడా పన్ను కిందే రాసుకోవాలి.

ఇక ప్రయాణం. నువ్వు దీన్ని అసలు రాయలేదు. రానూపోనూ ఛార్జీలు నెలకు 8. అంతకన్నా పెద్ద ఖర్చు ఇంకొకటి ఉంది. డేకేర్ వాళ్లు చెప్పిన 45 రోజుకు 9 గంటలకే. నీ ఆఫీసు భోజన విరామంతో కలిపి 9 గంటలు, దారిలో వెళ్లేటప్పుడు గంటంపావు, వచ్చేటప్పుడు గంటంపావు. అంటే పాప అక్కడ ఉండాల్సింది పదకొండున్నర గంటలు. ఆ పై రెండున్నర గంటలకు వాళ్లు వేసే అదనపు ఫీజు నెలకు 9 అవుతుంది. అంటే ఆఫీసు దూరానికి నువ్వు రెండుసార్లు కడుతున్నావన్నమాట, ఒకసారి టికెట్టుకు, ఇంకోసారి డేకేర్‌కు. ఆఫీసుకు కట్టుకునే బట్టలకు, ఓపిక లేని రోజు బయట కొనుక్కునే తిండికి ఒక 5 వేశాను. 76లోంచి 45, 9, 8, 5 తీసేస్తే మిగిలేది 9.

ఆ 9 కూడా పాప ఒంట్లో బాగున్న నెలల మాటే. పదిమంది పిల్లల మధ్య కొత్తగా చేరిన చంటిపిల్లకు మొదటి ఏడాది జలుబూ జ్వరమూ మాటిమాటికీ వస్తాయి. జ్వరం ఉంటే డేకేర్ వాళ్లు రానివ్వరు, ఆ రోజు ఫీజు మాత్రం తగ్గించరు. నీకు జీతంతో కూడిన సెలవులు ఉన్నంతవరకు ఇబ్బంది లేదు. అవి అయిపోయాక ఇంట్లో ఉండిపోయిన ఒక్కో రోజుకూ చేతికొచ్చే జీతంలో మూడున్నర పైగా పోతుంది. నెలలో రెండు రోజులు అలా జరిగితే 9లో 2 కూడా మిగలదు. కాబట్టి అల్లుడుగారి అంచనాయే నిజానికి దగ్గరగా ఉంది.

ఇక్కడిదాకా వచ్చి మేం ఆగిపోయాం తల్లీ. నువ్వు పుట్టినప్పుడు నేనూ మీ అమ్మా ఇలాగే ఒక కాగితం వేశాం. అమ్మ జీతం పైన రాసి, నిన్ను చూసుకునే మనిషికి ఇచ్చేదంతా దాని కింద తీసివేశాను. అడుగున సున్నా వచ్చింది. అమ్మ మానేసింది. కూడికలో తప్పు లేదు, కానీ ఆ ఖర్చును అమ్మ జీతం కిందే ఎందుకు రాశానని అప్పుడు నాకు తోచనే లేదు. ఎవరి కింద రాసినా ఇంటికి మిగిలేది ఒకటే, నిజమే. కానీ ఆమె పద్దులో రాసేసరికి మా ముందు ఒకే ప్రశ్న నిలిచింది, ఆమె మానేయాలా వద్దా అని. నా పనివేళలు మార్చుకోవచ్చా అన్న ప్రశ్న ఆ కాగితం మీదికి రానేలేదు. అమ్మ ఎన్నడూ నన్ను నిందించలేదు. నాకు మాత్రం ఇప్పటికీ బాధగానే ఉంది.

అందుకే డేకేర్ ఫీజు ఇద్దరి జీతాల కింద కలిపి రాసి మళ్లీ చూడు. అప్పుడు కదిలించగలిగే అంకె ఏదో కనిపిస్తుంది. 45 కదలదు, పన్ను కదలదు. కదిలేది ఆ అదనపు 9. అల్లుడుగారి ఆఫీసు దగ్గరే కదా. ఆయన పొద్దున్నే ముందుగా వెళ్లిపోయి సాయంత్రం పెందలాడే వచ్చి పాపను తెచ్చుకుంటే, పొద్దున నువ్వు దింపితే, పాప 9 గంటలకు మించి అక్కడ ఉండక్కర్లేదు. మిగులు 9 నుంచి 18 అవుతుంది. జ్వరం వచ్చిన రోజులు కూడా ఇద్దరూ పంచుకుంటే నీ సెలవులు ఏడాది చివరిదాకా వస్తాయి.

వారానికి మూడు రోజులే పనిచేస్తే ఎలా ఉంటుందనీ అడిగావు. వేసి చూశాను. జీతం 60, పన్ను బాగా తగ్గి 5, నిధికి 6, చేతికి 49. తిరుగుడు ఖర్చులు రోజులతోపాటే తగ్గుతాయి, డేకేర్ ఫీజు అలా తగ్గదు. మూడు రోజులకు 27 కావాలి, వాళ్లు 32 అంటున్నారు, ఎందుకంటే మిగతా రెండు రోజులకు ఆ చోటు నింపుకోవడం వాళ్లకు కష్టం. ఛార్జీలకు 5, మిగతావాటికి 3 పోతే, అల్లుడుగారు తెచ్చుకునే పద్ధతిలో కూడా మిగిలేది 9. డబ్బు సగమైనా రెండు రోజులు పాపతో ఉంటావు. అది నీ ఇష్టం, నేను తూచలేను.

ఇంకొక్కటి. పైన తీసేసిన నిధి 10 ఖర్చు కాదు, నీ పేరనే పెరిగే డబ్బు. మేం అప్పట్లో దాన్ని కూడా పోయినదానిలోనే కలిపేశాం. డేకేర్ ఫీజు కూడా ఎప్పటికీ 45 ఉండదు. చంటిపిల్లలకు ఆయా ఒకరికి కొద్దిమందే ఉండాలి కాబట్టి ఇప్పుడే ఎక్కువ, మూడేళ్లు నిండాక తగ్గుతుంది. జీతం అలా కాదు. నాలుగైదేళ్ల విరామం తర్వాత తిరిగొచ్చినవాళ్లను పాత గ్రేడులో కాక కింది గ్రేడులో పెట్టి జీతం ఖరారు చేయడం నా బల్ల మీదే ఎన్నోసార్లు చూశాను. ఆ తేడా ప్రతి ఇంక్రిమెంటులోనూ వెంటాడుతుంది. కాబట్టి ఈ ఏడాది 18 మిగిలినా 9 మిగిలినా, దాని పక్కన వచ్చే నాలుగేళ్ల వరుస కూడా రాసుకుని చూడు.

డేకేర్‌లో సంతకం పెట్టేముందు రెండు విషయాలు రాతలో తీసుకో. పాప రాని రోజులకు, వాళ్లు మూసేసే రోజులకు ఫీజు ఎంత, మూడేళ్లు దాటాక ఎంత. అల్లుడుగారు తమ ఆఫీసులో వేళల సంగతి అడిగాక ఆ జవాబు కూడా రాయి. నా కాగితంలో ఆ గడులు ఖాళీగా ఉంచాను.

అమ్మ పాపను అడిగానని చెప్పమంది.

మీ నాన్న