పాత కవరు మీది నంబరుకు డబ్బు పంపినవాళ్లకు

“అన్నా, మీ బెల్లం కవరు మీదుండే నంబరుకు 1,850 రూపాయలు కొట్టినాను. సక్సెస్ అని వచ్చింది, మీరేమో రాలేదంటున్నారు. ఆ డబ్బు ఎట్లా వెనక్కి తెచ్చుకునేది?”

ముందు మా తప్పు ఒప్పుకోవాలి. ఆ కవర్ల మీద అచ్చయిన నంబరు ఇప్పుడు మాది కాదు. వాడకం ఆగిన నంబరును ఫోన్ కంపెనీలు కనీసం 90 రోజులు పక్కన పెట్టి, తర్వాత ఇంకొకరికి ఇచ్చేస్తాయి. కొత్తగా తీసుకున్న మనిషి దానికి తన బ్యాంకు ఖాతా కలుపుకుంటే, మీరు పంపే డబ్బు నేరుగా అక్కడికే చేరుతుంది. మీ ఫోన్లో మాత్రం మా అంగడి పేరే కనిపిస్తుంది, ఎందుకంటే ఆ పేరు సేవ్ చేసుకున్నది మీరే. చూడాల్సింది ఆ పేరును కాదు. ఖాతాదారుడికి బ్యాంకులో ఉన్న అసలు పేరునే చూపించాలని 2025 జూన్ 30 నుంచి యూపీఐ యాప్‌లకు నిబంధన ఉంది. పిన్ కొట్టే ముందు ఆ పేరు చదవండి. మా ఖాతా అంగడి పేరు మీదే ఉంది. ఇంకెవరి పేరు కనిపించినా ఆగిపోయి మాకు ఫోన్ చేయండి.

ఇక పోయిన 1,850 సంగతి. యాప్‌లో హిస్టరీ తెరిచి ఆ లావాదేవీ మీద నొక్కండి. పెండింగ్ అనో ఫెయిల్ అనో ఉండి మీ ఖాతాలో డబ్బు తగ్గితే కంగారు లేదు. అవతలి ఖాతాలో పడని డబ్బును మరుసటి రోజులోగా మీకు తిరిగి జమ చేయాలి, ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం కూడా ఇవ్వాలి. రిజర్వ్ బ్యాంకు 2019లోనే పెట్టిన నియమం ఇది. ఆ లోపల తొందరపడి రెండోసారి పంపకండి.

సక్సెస్ అని ఉంటే దారి వేరు. మీరు పిన్ కొట్టి పంపారు, బ్యాంకు మీరు చెప్పిన చోటికే చేర్చింది. దాని లెక్కలో ఎక్కడా పొరపాటు జరగలేదు. కాబట్టి మీ బ్యాంకైనా, యాప్ కంపెనీ అయినా అవతలి ఖాతాలోంచి తమంతట తాము డబ్బు లాగలేవు. ఆ ఖాతాదారుడు ఒప్పుకోవాలి. చేసే ప్రయత్నమంతా ఆ ఒప్పుకోలు కోసమే.

ఆ లావాదేవీ పేజీని స్క్రీన్‌షాట్ తీసిపెట్టుకోండి. అందులో UTR అని 12 అంకెల సంఖ్య ఉంటుంది, ఫిర్యాదుకు అదే ఆధారం. తర్వాత డబ్బు వెళ్లిన నంబరుకే ఫోన్ చేసి మర్యాదగా అడగండి. తేదీ, మొత్తం, UTR చెప్తే చాలు, వాళ్లు తమ ఖాతాలో చూసుకుని పంపేయొచ్చు. వినకపోతే యాప్‌లో ఆ లావాదేవీ కిందే ఉండే హెల్ప్‌లో ఫిర్యాదు పెట్టి, అదే రోజు మీ బ్యాంకు బ్రాంచికి రాతపూర్వకంగా ఇవ్వండి. రసీదు నంబరు అడిగి తీసుకోండి. మీ బ్యాంకు అవతలి బ్యాంకుకు రాస్తుంది, వాళ్లు తమ ఖాతాదారుణ్ని అడుగుతారు. అతను సరే అంటే డబ్బు వస్తుంది. కాదన్నా, అప్పటికే ఖర్చు పెట్టేసినా అక్కడ చిక్కుకుంటుంది. యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ సైటు npci.org.in లోనూ ఫిర్యాదు పెట్టొచ్చు. బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు cms.rbi.org.in లో ఉచితంగా రాసుకోవచ్చు. అయితే ఆయన చూసేది బ్యాంకు తన పని చేసిందా లేదా అని. డబ్బు అందుకున్న మనిషి మెడలు వంచే అధికారం ఆయనకు లేదు.

అసలు మునిగేది ఈ దశలోనే. 1,850 కోసం గూగుల్‌లో కస్టమర్ కేర్ నంబరు వెతికితే, దొంగలు పెట్టిన నంబర్లూ అందులో కలిసి ఉంటాయి. ఫోన్ చేస్తే తెలుగులోనే తీయగా మాట్లాడతారు, “మీకో రిక్వెస్టు వస్తుంది సార్, పిన్ కొడితే రీఫండ్ పడిపోతుంది” అంటారు. తెరను నిదానంగా చూడండి. పైన Refund of Rs 1850 అని ఉంటుంది. అది బ్యాంకు రాసింది కాదు, నోట్ పెట్టే గడిలో అవతలివాడు టైపు చేసిన మాట. అక్కడ వాడు ఏమైనా రాసుకోగలడు. వాడి చేతిలో లేనిది కింద ఉండే బొత్తాం, Pay అని. పిన్ పేజీ పైభాగంలో కూడా ఎంత పోతుందో, ఎవరికి పోతుందో ఉంటుంది. డబ్బు రావడానికి పిన్ అడిగే పద్ధతి యూపీఐలో లేదు. పిన్ కొట్టేది డబ్బు పంపడానికి, బ్యాలెన్స్ చూసుకోవడానికి, ఆటోపేకి ఒప్పుకోవడానికి. క్యూఆర్ స్కాన్ చేస్తే డబ్బు పడుతుందన్నదీ ఇదే మోసం.

డబ్బు పంపమని మనిషికి మనిషి పంపే కలెక్ట్ రిక్వెస్టులను 2025 అక్టోబరు నుంచి ఆపేశారు. వ్యాపారుల ఖాతాల నుంచి మాత్రం ఇంకా రావచ్చు, కాబట్టి దొంగ కూడా అంగడి వేషంలోనే వస్తాడు. ఒక్కోసారి కలెక్ట్ బదులు ఆటోపే అనుమతి పంపుతాడు. దానికి పిన్ కొడితే తర్వాత కూడా డబ్బు కోతపడవచ్చు. అనుమానముంటే యాప్‌లో ఆటోపే విభాగం తెరిచి, తెలియని పేరేదైనా ఉంటే రద్దు చేయండి. వచ్చిన రిక్వెస్టు మీద Decline నొక్కి, పంపినవాణ్ని బ్లాక్ చేయండి.

పిన్ కొట్టేశారనుకోండి, మాకు చెప్పే ముందు 1930కి ఫోన్ చేయండి. దొంగ ఆ డబ్బును ఖాతా నుంచి ఖాతాకు మార్చేలోపల ఫిర్యాదు అందితేనే బ్యాంకులు ఎక్కడో ఒకచోట ఆపగలవు. అందుకే సాయంత్రం చూద్దాంలే అనుకుంటే పని చెడుతుంది. తర్వాత బ్యాంకుకూ, cybercrime.gov.in లోనూ ఫిర్యాదు. పాత కవరు నంబరుకు వెళ్లిన 1,850కి మాత్రం 1930 దారి కాదు, అది మోసాలకోసం పెట్టిన నంబరు.

తిరగబడిన కేసు కూడా ఉంది. “పొరపాటున మీకు 5,000 పంపేశాను, ఈ నంబరుకు కొట్టేయండి” అని ఎవరైనా ఫోన్ చేస్తే, మెసేజి చూసి నమ్మకండి, బ్యాలెన్స్ చూడండి. బ్యాంకు మెసేజీలు మామూలు పది అంకెల నంబరు నుంచి రావు. డబ్బు నిజంగానే పడి ఉంటే మీ బ్యాంకుకు చెప్పి దాని ద్వారానే తిరిగి పంపండి. ఆ డబ్బు ఇంకెవరి దగ్గరో కాజేసినదైతే, మీరు వేరే నంబరుకు పంపిన మరుక్షణం ఆ గొలుసులో మీ ఖాతా కూడా చేరుతుంది.

మా వైపు నుంచి ఇకమీద ఇలా. మేం ఎవరికీ కలెక్ట్ రిక్వెస్టు పంపం. బెల్లం కరిగిపోయో, తాండ్ర పాడయ్యో డబ్బు తిరిగి ఇవ్వాల్సి వస్తే, ఏ యూపీఐ ఐడీ నుంచి వచ్చిందో అక్కడికే వేస్తాం. మీరు లింకు నొక్కే పనీ, పిన్ కొట్టే పనీ ఉండవు. ఊరి బయటి ఆర్డర్లు మొదటిసారి కట్టేటప్పుడు 1 రూపాయి పంపి, అందిందని మేం చెప్పాక మిగతాది పంపండి. పాత కవర్లు ఇంకా రెండు బస్తాలు మిగిలాయి. పారేయడానికి మనసొప్పక నంబరు మీద తెల్ల స్టిక్కరు అంటిస్తున్నాం. స్టిక్కరు లేని కవరు మీకు చేరితే ఫొటో తీసి పంపండి, ఏ గుట్టలోంచి వచ్చిందో వెతికి మిగతావాటికీ అంటిస్తాం.