వార్షిక నివేదిక: రాళ్ల బీరువాలో ఏ అరలో ఏది, ఎందుకు

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన సంఘం చేసిన పనుల్లో చెప్పుకోదగ్గది ఒక్కటే. రాళ్ల బీరువా మొత్తం ఖాళీ చేసి కొత్త పద్ధతిలో సర్దాం. మిగతా విషయాలు రెండు ముక్కల్లో ముగిస్తాను. జమాఖర్చుల పట్టిక కోశాధికారి విడిగా సమర్పిస్తారు. గరివిడి మాంగనీసు గనుల వైపు అనుకున్న ప్రయాణం వానల వల్ల వాయిదా పడింది. ఇక బీరువా సంగతి.

ఇంతవరకు రాళ్లను రంగును బట్టి పెట్టేవాళ్లం. చూడటానికి బాగుండేది గానీ, ఒక్క క్వార్ట్జే, అంటే మన పలుగురాయే, తెలుపు అరలో ఒకటి, ఊదా అరలో ఒకటి, పొగరంగు అరలో మరొకటిగా చెల్లాచెదురైపోయింది. రంగు చాలాసార్లు ఖనిజంలో కలిసిన అతిస్వల్ప మలినాల పని. దాన్ని నమ్ముకుని వర్గీకరించడం కుదరదు. అందుకే స్ఫటిక వ్యవస్థల ప్రకారం, అంటే స్ఫటికం లోపలి అమరికను బట్టి, ఏడు అరలు చేశాం. ‘ఈ రాయి ఈ అరలోకి ఎలా వచ్చింది’ అని చాలామంది అడిగారు కాబట్టి, జవాబు ఈ నివేదికలోనే రాస్తున్నాను.

పరీక్షకు వాడిన పరికరం ఒక చెక్క ఘనం. దాన్ని ఎదురెదురు ముఖాల నడిమధ్య రెండు వేళ్లతో పట్టుకుని తిప్పండి. ఒక పూర్తి చుట్టులో నాలుగుసార్లు అది మొదట కనిపించినట్టే కనిపిస్తుంది. ఆ రెండు వేళ్లనూ కలిపే ఊహారేఖను మన గదిలో ‘నాలుగుసార్ల అక్షం’ అంటున్నాం. ఘనానికి ఇలాంటివి మూడు. ఇప్పుడు ఎదురెదురు మూలలను పట్టుకోండి. మూల మీద నుంచి చూస్తే మూడు ముఖాలు కలిసి కనిపిస్తాయి. చుట్టు తిరిగేలోగా ఆకారం మూడుసార్లు యథాతథంగా వస్తుంది. మూలల జతలు నాలుగు కాబట్టి ‘మూడుసార్ల అక్షాలు’ నాలుగు. ఎదురెదురు అంచుల మధ్యన పట్టుకుంటే ‘రెండుసార్ల అక్షాలు’ ఆరు దొరుకుతాయి. ఇలా తిప్పినా తేడా తెలియకపోవడమే సౌష్ఠవం. వర్గీకరణకు ఆధారం అదే, రూపం కాదు.

ఘనానిది మొదటి అర, అదే ఘన వ్యవస్థ. ఇక ఆ ఘనాన్ని కొంచెం కొంచెంగా చెడగొడుతూ పోదాం. ఒక దిశలో మాత్రమే సాగదీస్తే అడుగుభాగం చదరంగా ఉన్న పట్టకం వస్తుంది. మూలల మీది మూడుసార్ల అక్షాలన్నీ పోయి, నిలువునా నాలుగుసార్ల అక్షం ఒక్కటే మిగులుతుంది. ఇది టెట్రాగొనల్. జిర్కాన్, రూటైల్ ఈ అరలోవి. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ వేరైతే ఇటుక రూపం. ఏ వైపు పట్టుకు తిప్పినా రెండుసార్లకు మించి కుదరదు. అది ఆర్థోరాంబిక్. ఆ ఇటుకను ఒక పక్కకు వాలిస్తే రెండుసార్ల అక్షం ఒక్కటే మిగులుతుంది. అది మోనోక్లినిక్. అన్ని వైపులకూ వాలిస్తే ఏ అక్షమూ ఉండదు. అది ట్రైక్లినిక్. పొలాలకు కొట్టే మైలుతుత్తం స్ఫటికాలు ఈ చివరి అరలోవే.

ఘనాన్ని రెండు ఎదురు మూలలు పట్టి లాగితేనో, అదిమితేనో ఏమవుతుంది? మూడుసార్ల అక్షాలు నాలుగింటిలో ఒకటి బతికిపోతుంది, మిగతావి పోతాయి. అదే ట్రైగొనల్. కాల్సైట్ ముక్కను పగలగొడితే వచ్చేది ఇలా మూలల మీద అదిమిన ఘనమే. దాని ముఖాల మీద కోణాలు 90 డిగ్రీలు కావు, ఒకటి సుమారు 102, పక్కది 78. కోణమాపకం అక్కర్లేదు, పోస్టుకార్డు మూల ఆనించి చూస్తే చాలు, తేడా కంటికే తెలుస్తుంది. ఆరు పలకల పట్టకానికి నిలువు అక్షం ఆరుసార్లదైతే హెక్సాగొనల్. బెరిల్ అలాంటిది.

ఇంతవరకు చెక్కబొమ్మల కథ. చిక్కంతా అసలు స్ఫటికాలు చేతిలోకి వచ్చాకే మొదలైంది.

మొదటి వివాదం నౌపడ ఉప్పు మీద. శ్రీకాకుళం జిల్లా నుంచి ఒక సభ్యురాలు మళ్ల నుంచి తీసిన గల్లుప్పు తెచ్చారు. భూతద్దం కింద పెడితే కొన్ని గింజలు చక్కటి ఘనాలు. కొన్నింటి ముఖం మధ్యలో మెట్లు మెట్లుగా దిగే గుంట ఉంది. అంచులు త్వరగా, మధ్య భాగం నెమ్మదిగా పెరిగితే అలా వస్తుంది. కొన్ని మాత్రం అడ్డంగా సాగి ఇటుకల్లా ఉన్నాయి. వాటిని ఆర్థోరాంబిక్ అరలో పెట్టాలని ఆవిడ వాదన. చెక్క ఇటుకకు మనం చెప్పిన నియమం ప్రకారం ఆ వాదన సబబుగానే కనిపిస్తుంది.

కానీ చెక్కబొమ్మ చూపేది స్ఫటికం లోపలి అమరికను. గింజ ఎంత పొడవు పెరిగిందన్నది ఉప్పునీరు ఏ వైపు నుంచి ఎంత అందిందన్న దాన్ని బట్టి ఉంటుంది. పక్క గింజ అడ్డొచ్చినా, అడుగున మట్టి తగిలినా ఒక దిశలో పెరుగుదల ఆగిపోతుంది. 1669లో నికోలస్ స్టెనో క్వార్ట్జ్ స్ఫటికాలను పరిశీలించి గమనించింది ఇదే: ముఖాల పరిమాణం ఎంత మారినా, వాటి మధ్య కోణాలు మారవు. కాబట్టి పొడవు సాక్ష్యం కాదు. ఉప్పు విషయంలో కోణాలు కూడా తీర్పు చెప్పవు, ఎందుకంటే ఇటుకకూ ఘనానికీ కోణాలన్నీ 90 డిగ్రీలే. ముఖాల స్వభావం చూడాలి. సన్నటి బ్లేడు ఆనించి తడితే ఉప్పు మూడు దిశల్లోనూ ఒకే తేలికతో, ఒకే నునుపుతో చీలుతుంది. అన్‌హైడ్రైట్ అనే ఖనిజం కూడా మూడు లంబ దిశల్లో చీలి ఘనాల్లాంటి ముక్కలే ఇస్తుంది. అయితే అందులో ఒక చీలిక ముఖానికి ముత్యపు మెరుపు ఉంటుంది, మిగతా వాటికి వేరు. మూడు దిశలు మూడు రకాలు కాబట్టి అది ఆర్థోరాంబిక్. ఉప్పు సాగినా ఉప్పే.

ఇంకా అనుమానం ఉన్నవారికి పోలరాయిడ్ పరీక్ష ఉంది. పాడైన కాలిక్యులేటర్ల తెరల నుంచి తీసిన రెండు పోలరాయిడ్ పొరలు బీరువా సొరుగులో ఉన్నాయి. ఒకదాని మీద ఒకటి అడ్డంగా తిప్పి పెడితే వెలుగు ఆగిపోతుంది. మధ్యలో ఉప్పు గింజ పెట్టి ఎటు తిప్పినా చీకటే. ఘన వ్యవస్థలో కాంతికి అన్ని దిశలూ సమానం కావడమే కారణం. కాల్సైట్ పెడితే వెలుగుతుంది, తిప్పుతుంటే మళ్లీ మళ్లీ ఆరుతుంది. రెండు జాగ్రత్తలు. టెట్రాగొనల్, ట్రైగొనల్, హెక్సాగొనల్ స్ఫటికాలను సరిగ్గా ప్రధాన అక్షం వెంబడి చూస్తే అవీ చీకటిగానే ఉంటాయి, కాబట్టి రాయిని పక్కకు వంచి కూడా చూడాలి. గాజు ముక్క ఎప్పుడూ చీకటే, దాన్ని స్ఫటికం అనుకోకూడదు.

రెండో వివాదం పైరైట్ ఘనం. పారదర్శకం కాదు కాబట్టి పోలరాయిడ్ పనికిరాదు. అయితే దాని ముఖాల మీద సన్నటి సమాంతర గీతలు ఉన్నాయి. ఒక ముఖం మీది గీతలకు పక్క ముఖం మీది గీతలు లంబంగా ఉంటాయి. ఇప్పుడు ముఖాల మధ్య పట్టుకుని పావు చుట్టు తిప్పండి. నిలువు గీతలు అడ్డం అవుతాయి, మొదటిలా లేదు. అర చుట్టు తిప్పితేనే కలుస్తుంది. అంటే నాలుగుసార్ల అక్షాలు మూడూ రెండుసార్లవిగా దిగజారాయి. అంచుల మధ్య ఉండాల్సిన ఆరు అక్షాలు పూర్తిగా పోయాయి. అయినా పైరైట్ ఘన అరలోనే ఉంది. ఎందుకంటే మూలలు పట్టుకుని తిప్పితే గీతలతో సహా మూడుసార్లూ సరిపోతుంది. ఘన వ్యవస్థకు గుర్తింపు ఆ నాలుగు మూడుసార్ల అక్షాలే. కొత్తగా నేర్చుకునేవారు చదరపు ముఖాలను పట్టుకుంటారు, పట్టుకోవలసింది మూలలను. ఒకే వ్యవస్థలో ఇలాంటి తరతమ భేదాలు ఉన్నందువల్లే ఏడు వ్యవస్థలు మళ్లీ 32 తరగతులుగా విడిపోతాయి. ఘన వ్యవస్థలోవి అయిదు. ఉప్పు వాటిలో నిండు సౌష్ఠవం ఉన్నది, పైరైట్ దానికంటే తక్కువది.

గార్నెట్‌కు అసలు చదరపు ముఖాలే ఉండవన్న ఫిర్యాదుకూ ఇదే జవాబు. దాని మంచి స్ఫటికంలో పన్నెండు రాంబస్ ముఖాలు. మూడు ముఖాలు కలిసే మూలలు ఎనిమిది, అంటే ఎదురెదురుగా నాలుగు జతలు. లెక్క కుదిరింది. కాకపోతే మన జిల్లా కొండల్లోని ఖొండలైట్‌లో గార్నెట్ ఇంత అందంగా దొరకడం అరుదు. పక్క ఖనిజాల ఒత్తిడిలో పెరిగి ఎర్రటి గుండ్రని గింజలుగా ఉంటుంది. రూపం ఏమీ చెప్పదు. పలుచగా అరగదీసిన ముక్క పోలరాయిడ్ల మధ్య ఎటు తిప్పినా చీకటిగా ఉండటమే సాక్ష్యం.

భావనపాడు, కళింగపట్నం తీరాల నల్లఇసుకలో గార్నెట్ ఘన, జిర్కాన్, రూటైల్ టెట్రాగొనల్, ఇల్మెనైట్ ట్రైగొనల్, సిల్లిమనైట్ ఆర్థోరాంబిక్, మోనజైట్ మోనోక్లినిక్. ఒక్క గుప్పెట్లో అయిదు అరలు ఉన్నాయన్న మాట. అయినా ఆ ఇసుకను బీరువా కోసం తేవద్దని కార్యవర్గం మనవి. మోనజైట్‌లో థోరియం ఉంటుంది, అది రేడియోధార్మికం.

చివరగా, సర్వసభ్య సమావేశం తేల్చవలసిన అంశం క్వార్ట్జ్. ఆరు పలకల పట్టకం కాబట్టి హెక్సాగొనల్ అరలో ఉండాలని కొందరి పట్టు. అయితే దాని కొన చూడండి. ఆరు ఏటవాలు ముఖాల్లో తరచుగా ఒకటి పెద్దది, పక్కది చిన్నది, మళ్లీ పెద్దది. ఆరో వంతు తిప్పితే పెద్దదాని చోటికి చిన్నది వస్తుంది, మూడో వంతు తిప్పితేనే కలుస్తుంది. కొన్నింటిలో ఆరూ దాదాపు సమానంగా పెరిగి మోసం చేస్తాయి. కానీ స్టెనో నియమం ఇక్కడా వర్తిస్తుంది, ముఖం సైజు సౌష్ఠవాన్ని మార్చదు. సాధారణ ఉష్ణోగ్రతలో క్వార్ట్జ్ ట్రైగొనలే. సుమారు 573 డిగ్రీల సెల్సియస్ దాటితే నిజమైన హెక్సాగొనల్ రూపంలోకి మారుతుంది, చల్లారితే తిరిగొస్తుంది. ట్రైగొనల్‌ను హెక్సాగొనల్‌లోనే ఒక భాగంగా లెక్కించి ఆరు వ్యవస్థలే చెప్పే పుస్తకాలూ ఉన్నాయి, కాబట్టి రెండో పక్షానికీ ఆధారం లేకపోలేదు. కార్యవర్గం సిఫార్సు: ఏడు అరలే ఉంచి, క్వార్ట్జ్‌ను కాల్సైట్ పక్కన పెట్టడం. వేరే అభిప్రాయం ఉన్నవారు తమ క్వార్ట్జ్ ముక్క వెంట తెచ్చుకుని, కొన ముఖాలు చూపించి వాదించగలరు.

ఇట్లు,
కార్యదర్శి
విజయనగరం