పళ్ళు రావడం వేరు, జలుబు వేరు

సంపాదకుల వారికి నమస్కారం.

గత వారం మీ కుటుంబ పేజీలో పసిపిల్లల పెంపకంపై వచ్చిన వ్యాసంలో ‘పళ్ళు వచ్చే రోజుల్లో ముక్కు కారడం, జ్వరం రావడం మామూలే, కంగారు పడనక్కరలేదు’ అని రాశారు. ముప్పై ఏళ్ళు ఏఎన్ఎంగా పనిచేసి పదవీ విరమణ చేసినదాన్ని. ఈ మాట ప్రతి ఊళ్ళోనూ విన్నాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను కూడా తల్లులకు ఇదే చెప్పాను. అది తప్పని తెలిశాక ఊరుకోలేక ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా వీధిలో కిందటి శీతాకాలం జరిగింది చెబుతాను. ఏడో నెల పాపకు ఆదివారం అన్నప్రాశన చేశారు. ఇంటి నిండా చుట్టాలు. వారిలో దగ్గుతో, ముక్కు చీదుకుంటూ తిరిగే నాలుగేళ్ళ పిల్లవాడు ఒకడు. అందరూ పాపను ఎత్తుకున్నారు, ముద్దాడారు. మంగళవారం సాయంత్రానికి పాప ముక్కు నీళ్ళలా కారడం మొదలైంది. బుధవారం జ్వరం 101 డిగ్రీలు. చిగురు ఉబ్బి ఉంది, చొంగ కారుతోంది, చేతికందినదల్లా కొరుకుతోంది. ‘పళ్ళ జ్వరమే, రెండు రోజుల్లో అదే పోతుంది’ అని నాయనమ్మ తేల్చేసింది. శుక్రవారం ఉదయం తల్లి నన్ను పిలిచింది. పాప రెండు గుక్కలు పాలు తాగి వదిలేస్తోంది. గౌను పైకెత్తి చూస్తే ఊపిరి తీసుకున్నప్పుడల్లా పక్కటెముకల కింద గుంట పడుతోంది. మనం డొక్కలు ఎగరేయడం అంటామే, అదే. గడియారం పెట్టుకుని నిమిషం పాటు లెక్కపెట్టాను. అరవై రెండు సార్లు. రెండు నెలలు నిండిన, ఏడాది లోపు బిడ్డకు యాభైకి చేరితేనే అది ప్రమాద సూచన.

ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు. జలుబు చేసిన వైరస్సే ఊపిరితిత్తుల్లోని సన్నని గొట్టాల దాకా దిగిందన్నారు. ఇలాంటి జబ్బు మొదలైన మూడు నుంచి ఐదో రోజు మధ్య ముదురుతుంది. అంటే ‘పళ్ళు కదా, చూద్దాం’ అని మనం వేచి చూసే రోజులూ, బిడ్డకు వైద్యం అవసరమయ్యే రోజులూ అవే. నాలుగో రోజున పాపను ఇంటికి తీసుకొచ్చారు. ఆ మర్నాడే కింది చిగురు మీద తెల్లటి గీత కనిపించింది. ‘చూశావా అక్కయ్యా, పన్నే కదా ఇంత చేసింది!’ అంది నాయనమ్మ.

ఆమెను నేను తప్పుపట్టను. కళ్ళముందు జరిగినదాన్ని బట్టే మాట్లాడింది. కానీ లెక్క వేసి చూడండి. సుమారు ఆరో నెలలో మొదలై రెండున్నర, మూడేళ్ళ లోపు ఇరవై పాలపళ్ళు వస్తాయి. ఒక్కో పంటికి ముందూ వెనకా కలిపి ఎనిమిది రోజులు అనుకున్నా నూట అరవై రోజులు. పళ్ళు తరచు జంటగా వస్తాయి కాబట్టి అందులో కొన్ని కలిసిపోయినా, నెలల తరబడి ఏదో ఒక పన్ను వస్తూనే ఉన్నట్టు. అదే వయసులో బిడ్డకు ఏడాదికి ఆరు నుంచి ఎనిమిది జలుబులు రావడం సాధారణం. కడుపులో ఉండగా తల్లి నుంచి అందిన రక్షణ ఆరో నెలకు చాలావరకు తరిగిపోతుంది. పాకడం మొదలుపెట్టి నేల మీద దొరికినదల్లా నోట్లో పెట్టుకునే వయసు కూడా అదే. పన్నూ, జలుబూ ఒకే వారంలో కలవకపోతే ఆశ్చర్యపోవాలి. పన్ను రాని వారంలో చేసిన జలుబును మాత్రం ఎవరూ గుర్తుపెట్టుకోరు.

దీన్ని ఓపికగా పరిశీలించినవారున్నారు. అమెరికాలో క్లీవ్‌లాండ్ వైద్యులు 125 మంది పిల్లల తల్లిదండ్రుల చేత రోజూ జ్వరం చూసి, లక్షణాలు రాయించారు. 475 పళ్ళు వచ్చిన రోజులతో వాటిని పోల్చి 2000లో ఫలితం ప్రచురించారు. కొరకడం, చొంగ, చిగుళ్ళు రుద్దుకోవడం, చిరాకు, ఒళ్ళు కాస్త వెచ్చబడడం పన్ను వచ్చిన రోజుకు అటూ ఇటూ ఉన్న రోజుల్లో పెరిగాయి. ముక్కు దిబ్బడ, దగ్గు, విరేచనాలు, 102 దాటిన జ్వరం పెరగలేదు. మెల్‌బోర్న్‌లో మరో బృందం 21 మంది పిల్లలను పిల్లల సంరక్షణ కేంద్రాల్లో రోజూ చూసింది. 90 పళ్ళు వచ్చాయి, జ్వరంతో సంబంధం కనబడలేదు. అయినా అంతా ముగిశాక అడిగితే, తమ బిడ్డకు పళ్ళ వల్ల ఇబ్బంది వచ్చిందని ఆ తల్లిదండ్రులందరూ చెప్పారు. మా వీధి నాయనమ్మ మాటా, వారి మాటా ఒకటే.

ఇంట్లో తేడా ఎలా తెలుస్తుంది? చొంగను నమ్మకండి. మూడో నెల నుంచే చాలామంది పిల్లలకు పళ్ళతో పని లేకుండా చొంగ కారుతుంది. ముక్కును చూడండి. చిగురు ఉబ్బినంత మాత్రాన ముక్కు కారదు. మొదట నీళ్ళలా కారి, రెండు మూడు రోజులకు చిక్కబడి, పసుపో ఆకుపచ్చో అయి, వారం పది రోజుల్లో తగ్గేది జలుబే. ఇంట్లో మరొకరికి తుమ్ములు, దగ్గు ఉంటే అనుమానం కూడా అక్కరలేదు. ఇక జ్వరాన్ని చేత్తో తాకి కాకుండా థర్మామీటరుతో చూడండి. 100.4 డిగ్రీలు దాటితే అది జ్వరమే, దానికి పన్ను కాని కారణం వెతకాలి. ముక్కు కారకుండా, దగ్గు లేకుండా జ్వరం మాత్రమే ఉంటే మరింత జాగ్రత్త. మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు, ముఖ్యంగా ఆడపిల్లల్లో, జ్వరం తప్ప మరో గుర్తు ఉండకపోవచ్చు. మూత్ర పరీక్ష చేస్తేనే బయటపడుతుంది. మూడు నెలల లోపు బిడ్డకు జ్వరం వస్తే ఆ రోజే డాక్టరు చూడాలి.

జలుబే అని తేలినా మందుల షాపుకు పరుగెత్తకండి. జలుబు, దగ్గు సిరప్పులను రెండేళ్ళ లోపు పిల్లలకు వాడవద్దని కేంద్ర ఆరోగ్య శాఖ 2025 అక్టోబరులో స్పష్టంగా చెప్పింది. ఉప్పునీటి చుక్కలు ముక్కులో వేసి, కాసేపాగి పాలు పట్టండి. పసిపిల్ల ముక్కుతో ఊపిరి పీలుస్తూనే పాలు తాగుతుంది, ముక్కు మూసుకుపోతే రొమ్ము వదిలేస్తుంది. మందుకన్నా ఆ చుక్కలే బిడ్డను నిలబెడతాయి.

ఆశా కార్యకర్తలు మూడు, ఆరు, తొమ్మిది, పన్నెండు, పదిహేను నెలల్లో బిడ్డను చూడడానికి ఇంటికి వెళ్ళే ఏర్పాటు ఉంది. ఆరో నెల సందర్శనలో అన్నప్రాశన గురించి, ఆహారం గురించి చెబుతారు. పళ్ళ వల్ల జ్వరం రాదనీ, ఊపిరి ఎలా లెక్కపెట్టాలో కూడా ఆ రోజే నాయనమ్మ ముందు కూర్చుని చెప్పాలని జిల్లా అధికారులను కోరుతున్నాను. తల్లికి మాత్రమే చెబితే చాలదు, ఇంట్లో మాట చెల్లేది పెద్దవారిదే. మీ పత్రిక ఆ వాక్యాన్ని అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాల్లో సవరించాలని మీకు నా విన్నపం.

ఇట్లు,
విశ్రాంత ఏఎన్ఎం,
తెనాలి